తాళం ఎక్కడుందో చెప్పే ఉత్తరం

సాయంత్రం హైదరాబాద్‌లో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి విశాఖపట్నంలో దిగొచ్చు. అలా దిగిన ఒక కుటుంబాన్ని ఊహించుకోండి. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు, మోకాళ్ల నొప్పులతో ఉన్న నాయనమ్మ, ఆమెను పట్టుకుని నడిపిస్తున్న తాతయ్య. స్టేషన్ బయట ఆటో మాట్లాడుకుని చినవాల్తేరు వచ్చారు. మూడు రోజులకు ఫోన్‌లోనే బుక్ చేసుకున్న ఫ్లాట్ ఇక్కడే ఎక్కడో ఉంది. మ్యాప్‌లో గుర్తు చూపించిన చోట మాత్రం ప్రహరీ గోడ తప్ప గేటు లేదు. గేటు వెనక వీధిలో ఉందట. ఆ మాట చెప్పాల్సిన యజమాని బెంగళూరులో ఇంకా నిద్ర లేవలేదు.

సెలవులకు రోజుల లెక్కన ఇచ్చే ఫర్నిష్డ్ ఫ్లాట్లలో ఎక్కువ గొడవలు పుట్టేది ఇలాంటి చోటే. ఇల్లు బాగానే ఉంటుంది, పరుపులు శుభ్రంగా ఉంటాయి, బాల్కనీలో కుర్చీలు కూడా ఉంటాయి. రాసిన నాలుగు ముక్కలే సరిగా ఉండవు. హోటల్‌కైతే రిసెప్షన్ ఉంటుంది, ఏదడిగినా చెప్పే మనిషి ఉంటాడు. ఫ్లాట్‌లో ఆ మనిషి పని కాగితమే చెయ్యాలి. ఆ కాగితానికి మూడు భాగాలు: బుక్ చేసుకునే ముందు కనపడే శీర్షిక, దాని కింద ఉండే సౌకర్యాల జాబితా, బుకింగ్ అయ్యాక అతిథికి పంపే చెక్-ఇన్ సూచనలు.

ఈ వ్యాపారం మొదలైందే ఒక గదిలో పరిచిన గాలి పరుపులతో. 2007లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక సదస్సుకు హోటళ్లన్నీ నిండిపోతే, అద్దె కట్టడానికి ఇబ్బంది పడుతున్న బ్రయాన్ చెస్కీ, జో గెబియా తమ ఇంట్లోనే మూడు గాలి పరుపులు వేసి అతిథులకు ఇచ్చారు. మరుసటి ఏడాది అదే ఎయిర్‌బీఎన్‌బీ అయింది. ఆ మొదటి అతిథులకు తలుపు తీసింది ఆ ఇంటివాళ్లే కాబట్టి వాళ్లకు సూచనల కాగితం అక్కర్లేకపోయింది. ఇప్పుడు యజమాని ఒక ఊళ్లో, ఫ్లాట్ ఇంకో ఊళ్లో ఉంటున్నాయి. అందుకే రాతకు ఇంత పని పడింది.

మన ఉదాహరణ ఫ్లాట్ చినవాల్తేరులో, ఏయూ అవుట్ గేటుకు దగ్గర్లో, మూడో అంతస్తులో ఉందనుకుందాం. రెండు పడకగదులు, హాలు, వంటగది, రెండు స్నానాల గదులు. యజమాని మొదట రాసిన శీర్షిక ఇది: "ప్రశాంతమైన వాతావరణంలో విలాసవంతమైన ఇల్లు". ఈ మాట అరకులో ఇంటికీ సరిపోతుంది, హైదరాబాద్ కొండాపూర్‌లో గదికీ సరిపోతుంది. వెతికేవాళ్ల కళ్లు దాని మీద ఆగవు.

ఎయిర్‌బీఎన్‌బీ శీర్షికకు 50 అక్షరాల చోటే ఇస్తుంది. ఫోన్ తెరమీద అందులోనూ చివర తెగిపోవచ్చు. కాబట్టి అతిథి నిర్ణయం దేనిమీద ఆధారపడుతుందో అదే ముందు రావాలి. విశాఖ వచ్చే కుటుంబాలు మొదట చూసేది బీచ్ ఎంత దూరమని, తర్వాత ఎంతమంది పడతారని, పెద్దవాళ్లుంటే లిఫ్ట్ ఉందా అని. ఆ లెక్కన "ఆర్కే బీచ్‌కి నడక, 2 గదులు, లిఫ్ట్, పార్కింగ్" అంటే సరిపోతుంది. ఇందులో ఒక్క విశేషణం లేదు. ఉన్న నాలుగు సంగతులూ వచ్చినవాళ్లు చూసి తేల్చుకోగలిగినవే.

"నడక" అన్న మాటకు మాత్రం లోపల వివరం ఇవ్వాలి. "బీచ్‌కి 5 నిమిషాలు" అని రాసి ఊరుకునే ప్రకటనలు కోకొల్లలు. ఆ ఐదు నిమిషాలు కారులోనా, కాళ్ల మీదా అన్నది చెప్పరు. చినవాల్తేరు నుంచి బీచ్ రోడ్డుకు దిగేటప్పుడు పల్లం, తిరిగి వచ్చేటప్పుడు ఎగువ. వాల్తేరు మెట్ట మీద ఉండేవాళ్లందరికీ ఇది అలవాటే కానీ బయటి ఊరివాళ్లకు తెలియదు. "నడిచి దిగడానికి పన్నెండు నిమిషాలు, తిరిగి ఎక్కేటప్పుడు పెద్దవాళ్లకు ఆటో మేలు" అని ఒక్క వాక్యం రాస్తే ఆ నాయనమ్మ మోకాళ్ల గురించి ఆలోచించినట్టు అవుతుంది. ఆర్కే బీచ్‌లో ఈతకు దిగడం ప్రమాదమనీ, అక్కడ అలల లాగుడు ఎక్కువనీ అదే చోట రాయాలి. పిల్లలతో వచ్చేవాళ్లకు ఇది సౌకర్యాల జాబితా కంటే ముందు తెలియాల్సిన సంగతి.

"సీ వ్యూ" అన్న మాటతోనూ ఇదే చిక్కు. బాల్కనీ కుడి మూలలో నిలబడి, ఎదురు భవనానికీ కొబ్బరి చెట్టుకూ మధ్య చూస్తే ఒక చీలిక సముద్రం కనపడుతుందనుకోండి. అది అలాగే రాస్తే ఎవరూ నొచ్చుకోరు. ఆ మూలనుంచి తీసిన ఒక్క ఫోటో పెట్టి "సీ వ్యూ అపార్ట్‌మెంట్" అంటే, వచ్చినవాళ్లు మూడు రోజులూ ఆ లోటునే చూస్తారు.

ఇక సౌకర్యాల జాబితా. సైట్లలో ఇది టిక్కు పెట్టుకుంటూ పోయే పని: ఏసీ ఉంది, గీజర్ ఉంది, వైఫై ఉంది, పవర్ బ్యాకప్ ఉంది. ప్రతిదీ నిజమే. ఎంత ఉంది, ఎక్కడి దాకా పనికొస్తుంది అన్నది మాత్రం ఆ టిక్కుల్లో ఉండదు. గీజర్‌నే తీసుకుందాం.

మన ఇళ్లలో ఎక్కువగా ఉండేది 15 లీటర్ల గీజర్, రెండు కిలోవాట్లది. చలికాలపు నీళ్లను బాగా వేడి చెయ్యడానికి దానికి సుమారు 20 నిమిషాలు పడుతుంది. ఆ వేడి నీళ్లను స్నానానికి తగినట్టు చన్నీళ్లతో కలుపుకుంటే రెండు బకెట్లు వస్తాయి. అంటే ఇద్దరి స్నానం అయ్యాక మూడో మనిషి మళ్లీ 20 నిమిషాలు ఆగాలి. మన ఫ్లాట్‌లో రెండు స్నానాల గదులున్నా గీజర్ ఒక్కదాంట్లోనే ఉందనుకోండి. ఆరుగురు స్నానాలు చెయ్యాలంటే మూడు విడతలు. వేడెక్కడానికే గంట, స్నానాలతో కలిపి రెండు గంటలు. అరకు వెళ్లే కిరండూల్ ప్యాసింజర్ ఉదయం ఏడు కొట్టకముందే స్టేషన్ వదిలిపెడుతుంది. ఆ రైలు అందుకోవాలనుకునే కుటుంబం తెల్లవారుజామున మూడున్నరకే మొదటి బకెట్ నింపుకోవాలి. జాబితాలో "గీజర్" అని ఒక్క మాట ఉన్నచోట "ఒక స్నానాల గదిలో 15 లీటర్ల గీజర్, ఒకసారికి రెండు బకెట్లు, మళ్లీ వేడెక్కడానికి 20 నిమిషాలు" అని రాస్తే వాళ్లు రాత్రే లెక్క వేసుకుంటారు. గీజర్ స్విచ్ స్నానాల గది బయట, ఫ్రిజ్ వెనక గోడమీద ఉంటే అదీ చెప్పాలి. కొత్త ఇంట్లో ఎవరూ అక్కడ వెతకరు.

పవర్ బ్యాకప్ కూడా అలాంటిదే. అపార్ట్‌మెంట్ జనరేటర్ లిఫ్టుకు, మెట్ల దీపాలకు మాత్రమే ఉండి, ఫ్లాట్‌లో ఒక ఇన్వర్టర్, 150 ఏహెచ్ బ్యాటరీ ఉన్నాయనుకుందాం. మూడు ఫ్యాన్లు, నాలుగు ఎల్ఈడీ బల్బులు, వైఫై పెట్టె దానిమీద నాలుగు గంటల దాకా నడుస్తాయి. ఏసీ నడవదు. ఒకటిన్నర టన్నుల ఏసీ ఒక్కటే ఆ ఫ్యాన్లు, బల్బులు అన్నీ కలిపి తీసుకునేదానికి అయిదారు రెట్లు కరెంటు తీసుకుంటుంది. మే నెలలో విశాఖ ఉక్క ఎరిగినవాళ్లకు ఈ తేడా ఎంతో తెలుసు. "పవర్ బ్యాకప్ ఉంది" అన్న మాట చదివి ఏసీ కూడా నడుస్తుందనుకున్న అతిథి రాత్రి పదకొండుకు ఫోన్ చేస్తే తప్పు అతనిది కాదు.

పడకల లెక్కలో కూడా చాలామంది తడబడతారు. "ఆరుగురికి సరిపోతుంది" అనడం కంటే "రెండు డబుల్ కాట్‌లు, హాల్లో ఒక సోఫా-కం-బెడ్; హాల్లో ఏసీ లేదు, ఫ్యాన్ ఉంది" అనడం నయం. అప్పుడు హాల్లో ఎవరు పడుకోవాలో వాళ్లింట్లో వాళ్లే తేల్చుకుని వస్తారు. టాయిలెట్లు రెండూ వెస్టర్నా, ఒకటి ఇండియనా అన్నది సైట్ల జాబితాల్లో కనపడదు. అమెరికాలో ఉండే కొడుకు అమ్మానాన్నల కోసం బుక్ చేస్తే మొదట అడిగే ప్రశ్న అదే. తాగే నీళ్లు ఆర్ఓ యంత్రం నుంచా, ఇరవై లీటర్ల క్యానా. క్యాన్ అయిపోతే ఎవరు తెస్తారు? వంటగదిలో కుక్కర్ ఎన్ని లీటర్లది, మిక్సీ ఉందా, మాంసాహారం వండుకోవచ్చా? విశాఖ వచ్చి చేపలు కొనుక్కుని ఇంట్లో వండుకుందామనుకునే కుటుంబానికి ఆఖరి ప్రశ్నకు జవాబు బుకింగ్‌కు ముందే దొరకాలి.

లేనివి కూడా ఆ జాబితాలోనే రాయడం మంచి యజమానుల అలవాటు. "వాషింగ్ మెషీన్ లేదు. పక్క స్థలంలో ఇల్లు కడుతున్నారు, పగలు చప్పుడు ఉంటుంది. కారు పార్కింగ్ ఒక్కటే, పెద్ద బండి పట్టదు." ఈ మూడు వాక్యాలు కొన్ని బుకింగ్‌లు పోగొడతాయి. పోయినవి ఎలాగూ ఫిర్యాదుగా తిరిగి వచ్చేవే. ఇంటి బయట సీసీ కెమెరా ఉంటే అది ఎక్కడుందో రాయడం అలవాటు కాదు, నియమం. 2024 ఏప్రిల్ 30 నుంచి ఎయిర్‌బీఎన్‌బీ ఇంటి లోపల కెమెరాలను పూర్తిగా నిషేధించింది, బయటి వాటి సంగతి ముందే చెప్పి తీరాలంది.

ఇప్పుడు గేటు దగ్గర నిలబడ్డ ఆ కుటుంబం దగ్గరికి మళ్లీ వద్దాం. వాళ్లకు ముందు రోజు అందిన సూచన ఇలా ఉంది: "చెక్-ఇన్ మధ్యాహ్నం 1 తర్వాత. వాచ్‌మన్ దగ్గర తాళం తీసుకోండి. ఏదైనా అవసరమైతే ఫోన్ చెయ్యండి." ఇప్పుడు టైము ఆరున్నర. వాచ్‌మన్ పాలకు వెళ్లాడు. ఫోన్ ఎవరూ ఎత్తడం లేదు.

మొదటి చిక్కు టైముది. యజమాని మాట న్యాయమైనదే. ముందు అతిథి 11 గంటలకు ఖాళీ చేస్తే దుప్పట్లు మార్చి, స్నానాల గదులు కడిగి, ఫ్రిజ్ తుడిచి, గ్యాస్ చూసేసరికి రెండు గంటలు పడుతుంది. కానీ హైదరాబాద్ నుంచి రాత్రి రైలెక్కేవాళ్లలో చాలామంది పొద్దున్నే దిగుతారు. విశాఖలో ఫ్లాట్ ఇచ్చే మనిషికి ఇది ఏటా తెలిసిన సంగతి. కాబట్టి పొద్దున్నే వచ్చేవాళ్లకు ఏం చెయ్యగలరో సూచనల్లోనే ఉండాలి: "పొద్దున్నే చేరేవాళ్లు సంచులు వాచ్‌మన్ గదిలో పెట్టుకోవచ్చు. ముందు రాత్రి ఫ్లాట్ ఖాళీగా ఉంటే ఏడు గంటలకే ఇస్తాం; ఉందో లేదో ముందు రోజు సాయంత్రం మెసేజ్ చేస్తాం." బుకింగ్ అవగానే "మీ రైలేది?" అని అడిగితే సగం చిక్కు అక్కడే తీరిపోతుంది.

రెండో చిక్కు దారి. మ్యాప్‌లో గుర్తును గేటు మీద పెట్టాలి, భవనం మధ్యలో కాదు. ఆ గుర్తుతో పాటు గేటు ఫోటో కూడా పంపాలి, అదీ ఆటోలోంచి చూస్తే ఎలా కనపడుతుందో అలా. సాయి, శ్రీ, లక్ష్మి పేర్లతో ఒకే వీధిలో నాలుగు అపార్ట్‌మెంట్లు ఉండే ఊళ్లు మనవి. పేరు ఒక్కటే నమ్ముకుంటే పక్కింటి తలుపు కొట్టాల్సి వస్తుంది.

మూడోది తాళం. వాచ్‌మన్ మనిషి, అతనికీ పనులుంటాయి. అందుకే చాలామంది గోడకు బిగించే నంబరు పెట్టె పెట్టుకుంటున్నారు. నాలుగంకెల నంబరు తిప్పితే లోపల తాళంచెవి ఉంటుంది. ఆ నంబరు ప్రకటనలో రాయకూడదు. బుకింగ్ ఖాయమై, గుర్తింపు కార్డు చూశాక, వచ్చే రోజు పొద్దున్నే పంపాలి. ఒక అతిథి వెళ్లగానే మార్చాలి. సరైన చిరునామాను కూడా సైట్లు బుకింగ్ అయ్యాకే చూపిస్తాయి కాబట్టి, ఫ్లాట్ నంబరు కనపడే ఫోటో ప్రకటనలో పెట్టడం ఆ జాగ్రత్తను వృథా చెయ్యడమే. తెరమీద అంకెలు నొక్కే ఎలక్ట్రానిక్ తాళమైతే బ్యాటరీల సంగతి చూసుకోవాలి. పైగా సముద్రపు గాలికి ఇనుము తొందరగా తుప్పు పడుతుంది. కాబట్టి ఎలాంటి తాళం ఉన్నా, రెండో తాళంచెవి ఒకటి ఊళ్లోనే నమ్మకమైన వాళ్ల దగ్గర ఉండాలి. వాళ్ల ఫోన్ నంబరు సూచనల్లో ఉండాలి.

ఇవన్నీ కలిపి రాస్తే సూచన ఇలా వస్తుంది. కళ్లకు ఏది ముందు కనపడుతుందో అదే ముందు:

"ఆటోవాళ్లకు 'ఏయూ అవుట్ గేటు' అని చెప్పండి. అక్కడినుంచి ఈ మెసేజ్‌లోని మ్యాప్ గుర్తు చూసుకుంటూ రండి. పసుపు రంగు గేటు, పక్కన ఇస్త్రీ బండి ఉంటుంది. లోపలికి రాగానే ఎడమవైపు లిఫ్ట్. మూడో అంతస్తులో దిగి కుడివైపు తిరగండి, రెండో తలుపు. మీటర్ల పెట్టె కింద నల్లటి చిన్న పెట్టె ఉంది, నంబరు పొద్దున పంపిస్తాం. తాళంచెవి రెండుసార్లు ఎడమకు తిప్పండి. తలుపు బిగుసుకుని ఉంటుంది, కాస్త మీవైపు లాగి అప్పుడు నెట్టండి. కరెంటు లేకపోతే తలుపు వెనక ఉన్న పెట్టెలో పెద్ద స్విచ్ పైకి ఎత్తండి. గ్యాస్ సిలిండర్ రెగ్యులేటర్ మూసి ఉంటుంది, వాడేటప్పుడే తిప్పండి."

"తలుపు కాస్త మీవైపు లాగి నెట్టండి" అన్న వాక్యం రాసేవాళ్లు అరుదు. వానాకాలంలో చెక్క తలుపు ఉబ్బుతుంది. ఇంటివాళ్లకు అలవాటై ఆ సంగతే గుర్తుండదు. కొత్తవాళ్లు తాళం పడలేదనుకుని పదిసార్లు తిప్పి తాళంచెవి విరగ్గొడతారు. వైఫై పాస్‌వర్డ్ కూడా అంతే. అందులో ఇంగ్లిష్ `O` అక్షరం, `0` అంకె, చిన్న `l`, అంకె `1` కలిసి ఉంటే పిల్లవాడు అరగంట కుస్తీ పట్టి చివరకు ఫోన్ చేస్తాడు. అలాంటివి లేని పాస్‌వర్డ్ పెట్టి, పెద్ద అక్షరాలతో ఫ్రిజ్ మీద అంటిస్తే చాలు.

గుర్తింపు కార్డుల మాట కూడా సూచనల్లో ముందే ఉండాలి. ఎవరెవరు వస్తున్నారో పెద్దవాళ్లందరి కార్డులూ అడుగుతారని చివరి నిమిషంలో తెలిస్తే నొచ్చుకుంటారు. విదేశీ పాస్‌పోర్టు ఉన్నవాళ్లు దిగితే 24 గంటల్లోపు వాళ్ల వివరాలు ఇమిగ్రేషన్ అధికారులకు ఆన్‌లైన్‌లో పంపాలి. చాలాకాలంగా ఫారం-సి అని పిలిచేది దీన్నే. హోటళ్లకే కాదు, ఇల్లు ఇచ్చే యజమానికీ ఇది వర్తిస్తుంది. చక్కగా తెలుగు మాట్లాడుతూ న్యూజెర్సీ నుంచి వచ్చిన కుర్రాడి చేతిలో అమెరికా పాస్‌పోర్టు ఉండొచ్చు. అందుకని మాట్లాడే భాష చూసి కాదు, పాస్‌పోర్టు చూసి తేల్చుకోవాలి. ఇక అపార్ట్‌మెంట్ అసోసియేషన్ రోజువారీ అద్దెలకు ఒప్పుకుందా లేదా అన్నది ప్రకటన పెట్టకముందే రాతపూర్వకంగా ఉండాలి. లేకపోతే గేటు దగ్గర అతిథిని ఆపేది సెక్యూరిటీ గార్డే, సంజాయిషీ చెప్పుకోవాల్సింది తప్పేమీ చెయ్యని ఆ కుటుంబం.

సూచనలు బాగున్నాయో లేదో తెలుసుకోవడానికి ఒక దారి ఉంది. ఆ ఫ్లాట్ ఎన్నడూ చూడని బంధువు ఎవరికైనా ఆ మెసేజ్ పంపి, స్టేషన్ నుంచి ఒక్కరినే రమ్మనండి. ఫోన్ ఎత్తనని ముందే చెప్పండి, మెసేజ్‌లు మాత్రం పెట్టమనండి. గేటు దగ్గర ఒక మెసేజ్, గీజర్ స్విచ్ దగ్గర ఒకటి, గ్యాస్ దగ్గర ఒకటి వచ్చాయంటే మీ కాగితంలో మూడు వాక్యాలు తక్కువయ్యాయి. అవి రాసి, ఇంకొకరితో మళ్లీ చూడండి. రెండోసారికి సాధారణంగా ఒకటో అరో మిగులుతుంది.

బుక్ చేసుకునేవాళ్లకు కూడా ఒక మాట. ప్రకటనలో స్నానాల గది ఫోటో లేకపోతే అడిగి తెప్పించుకోండి. ఎంతమంది వస్తున్నారో, అందులో మెట్లెక్కలేని పెద్దవాళ్లున్నారో లేదో, ఏ రైలుకు దిగుతున్నారో బుకింగ్ రోజే రాసి పంపండి. జవాబు అదే సైట్ మెసేజ్‌లో తీసుకోండి. లిఫ్ట్ ఉందని ఫోన్‌లో చెప్పిన మాటకు రుజువు ఉండదు, రాసిన మాటకు ఉంటుంది.